తాళం వేసిన ఇంటికి మార్కు లేదా?

డిసెంబరు నెల, మూడో ఫార్మేటివ్ మూల్యాంకనం జరుగుతున్న రోజులు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాల, పదో తరగతి గది. నా బల్ల మీద రెండు ప్రాజెక్టులున్నాయి. పాఠం ఒకటే, ‘ప్రజలు - వలసలు’. ఇచ్చిన పని కూడా ఒకటే: మీ ఊరి నుంచి ఎవరు వలస పోతున్నారో తెలుసుకుని రండి.

మొదటిది థర్మాకోల్ అట్ట మీద నిలబెట్టిన రైలు. కిటికీలకు మెరుపు కాగితం, పెట్టెల మీద స్కెచ్ పెన్నులతో రాసిన ముంబయి, పుణె, హైదరాబాద్. వెనక కంప్యూటర్ సెంటర్‌లో ప్రింటు తీయించిన నాలుగు పేజీలు, అందమైన అట్ట. రెండోది లాంగ్ నోట్‌బుక్ లోంచి చింపి దారంతో కుట్టిన ఏడు కాగితాలు. మొదటి కాగితం మీద చేత్తో గీసిన పట్టిక. ముప్పై ఇళ్ళు, ముప్పై వరుసలు. వాటిలో పదకొండు వరుసల్లో పేర్ల దగ్గర గీత, చివరి గడిలో ఒకే మాట: ‘తాళం’.

రైలుకు అయిదుకు అయిదు వేశాను. కాగితాలకు మూడు వేశాను. సమాచారం అసంపూర్ణం అని ఎర్ర సిరాతో రాశాను కూడా.

ఆ మూడు మార్కులు తప్పు. ఆ తప్పు నా కంటిది మాత్రమే కాదు, నా చేతిలో ఉన్న కాగితానిది కూడా. ఆ కాగితాన్నే మేం రూబ్రిక్ అంటాం. ఎడమ పక్క పైనుంచి కిందికి ఏయే అంశాలు చూడాలో ఉంటాయి, అడ్డంగా ఏ స్థాయికి ఎన్ని మార్కులో ఉంటాయి. నేను వాడినదాంట్లో అయిదు వరుసలున్నాయి: సమాచార సంపూర్ణత, ప్రదర్శనలో ఆకర్షణ, సృజనాత్మకత, జట్టు సహకారం, సకాలంలో సమర్పించడం. అడ్డంగా నాలుగు స్థాయిలు: అత్యుత్తమం, ఉత్తమం, సాధారణం, మెరుగుపడాలి. ఎవరో తయారుచేసినదాన్ని ఎవరో జిరాక్స్ తీస్తే నా దాకా వచ్చింది. దాన్నే సైన్సుకూ వాడారు, తెలుగుకూ వాడారు, నేను సోషలుకు వాడాను. ఆ అయిదు వరుసల్లో వలస అనే మాట ఒక్కచోట కూడా లేదు. పాఠం పేరే లేని కొలబద్ద పెట్టి పాఠం ఎంత వచ్చిందో కొలిచాను.

మార్కులు వేసిన మర్నాడు తరగతిలో ఒక ప్రశ్న అడిగాను. ‘ఒకాయన దీపావళి తర్వాత పుణె పోయి మళ్ళీ వానలకు వస్తాడు. జనాభా లెక్కలవాళ్ళు ఫిబ్రవరిలో వస్తారు. ఈయన ఎక్కడ లెక్కకు వస్తాడు?’ రైలు చేసిన జట్టులో అయిదుగురికి అయిదుగురూ తల దించుకున్నారు. కాగితాల జట్టులోంచి ఒకడు లేచాడు. ‘మా పట్టికల పదకొండు తాళాలున్నై గద సార్, అవే. లెక్కలోళ్ళొచ్చినా అవి తాళాలే ఉంటై.’

పాఠం మొత్తం ఆ పిల్లవాడి నోట్లో ఉంది. మూడు మార్కులు వేసింది వాడికే.

తాళం వేసిన ఇల్లు సమాచారంలో లోపం కాదు, అదే సమాచారం. పాలమూరులో డిసెంబరు నెలలో వలసల గురించి అడగబోతే తాళం కనబడకపోతేనే అనుమానించాలి. ఆ పిల్లలు తాళం చూసి వెనక్కి రాలేదు. పక్కింటి అవ్వను అడిగారు, ‘పండగైనంక గుంపు మేస్త్రీ జీపు తెచ్చిండు, పోయిన్రు’ అని ఆమె చెప్పిన మాట రాశారు. అడ్వాన్సు తీసుకున్న ఇల్లా కాదా అన్నది రాశారు. పిల్లలను బడి కోసం తాత దగ్గర వదిలారా, వెంట తీసుకుపోయారా అన్నది కూడా రాశారు. దీనికి నా రూబ్రిక్‌లో గడి లేదు. ఉన్న గడి ‘సంపూర్ణత’, అది వాళ్ళను శిక్షించింది.

మన బడుల్లో ఒక్కో ఫార్మేటివ్‌కు ఇరవై మార్కులు. పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు అయిదు, రాత పనులకు అయిదు, ప్రాజెక్టుకు అయిదు, లఘు పరీక్షకు అయిదు. పదో తరగతిలో నాలుగు ఫార్మేటివ్‌ల సగటే ఇంటర్నల్ మార్కు. ఆ ఇరవై ఉండాలా పోవాలా అని రాష్ట్రమంతా వాదించుకుంది. 2024 నవంబరులో ఎత్తేస్తున్నామన్న ప్రకటన వచ్చింది, వెంటనే ఆ ఏడాదికి పాత పద్ధతే అన్న సవరణ కూడా వచ్చింది. ఎత్తేయాలనేవాళ్ళ వాదన ఒక్కటే: బడులు ఇరవైకి ఇరవై వేసేస్తున్నాయి, ఆ మార్కుకు అర్థం లేదు. దానికి మనం ఇచ్చిన జవాబేమిటి? రికార్డులు నింపాం, థర్మాకోల్ గోడకు చేరవేశాం, పరిశీలన బృందం వస్తే చూపించాం. ఆ మార్కుకు అర్థం ఇవ్వగల ఒకే ఒక్క కాగితాన్ని, రూబ్రిక్‌ను, మనమే అర్థం లేకుండా చేసి పెట్టుకున్నాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఆకర్షణకు మార్కు పెట్టడమంటే డబ్బుకు మార్కు పెట్టడమే. ఈ మాట కటువుగానే అంటాను. థర్మాకోల్ అట్ట, మెరుపు కాగితం, ప్రింటవుట్ అన్నీ బజారులో దొరుకుతాయి, కొనాలి. కాగితాల జట్టులో నలుగురి ఇళ్ళలో ఆ నెల పెద్దవాళ్ళే లేరు. పత్తి ఏరి తెచ్చిన కూలితో మిరపకాయ, ఉప్పు కొనుక్కుంటున్న పిల్లలు స్కెచ్ పెన్నులు ఎక్కడి నుంచి తెస్తారు? వలస మీద పాఠం చెప్పి, వలస పోయినవాళ్ళ పిల్లలకే తక్కువ మార్కు వేసే పట్టికను మనం నిష్పక్షపాతం అని పిలుస్తున్నాం.

అందానికి ఎప్పుడూ మార్కు ఉండకూడదని నేను అనడం లేదు. సైన్సులో విద్యా ప్రమాణాల్లోనే బొమ్మలు గీయడం, నమూనాలు తయారుచేయడం అనేది ఒకటుంది. హృదయ నిర్మాణం పాఠంలో నమూనా చేయమంటే గదులు, కవాటాలు సరిగ్గా కనబడాలి, దానికి మార్కు ఉండాల్సిందే. అక్కడ కూడా ఇచ్చే మార్కు రంగుకు కాదు, కవాటం ఏ వైపు తెరుచుకుంటుందో చూపినందుకు. పాఠం ఏం నేర్పదలచిందో ఆ పనికే మార్కు. నేర్పనిదానికి మార్కు పెడితే అది ఇంట్లో నేర్చుకుని వచ్చినవాడికి పోతుంది.

నల్లగొండ వైపు ఇదే కథ నీళ్ళతో నడుస్తోంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ గురించి చెప్పనక్కర లేదు, పెద్దవాళ్ళ మోకాళ్ళే చెబుతాయి. అక్కడి బడుల్లో ‘మన ఊరి తాగునీరు’ అని ప్రాజెక్టు ఇస్తే వచ్చేది ఒకే నమూనా: 1970ల్లో నీరీ సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతి అది. మూడు సీసాలు, రంగు నీళ్ళు, గొట్టాలు. చూడ్డానికి బ్రహ్మాండం. కానీ ఊళ్ళో ఏ బోరు నీళ్ళనూ ఎవరూ పరీక్షించలేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా పరవాలేదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన దేశపు ప్రమాణం. ఈ రెండు అంకెల పక్కన తమ ఊరి అంకె పెట్టి చూడగలిగినవాడికే ఆ పాఠం వచ్చినట్టు. రూబ్రిక్‌లో ‘ఏ బోరు, ఏ తేదీ, ఎంత వచ్చింది, ప్రమాణం కంటే ఎక్కువా తక్కువా’ అన్న వరుస ఉంటే పిల్లలు సీసాలకు రంగులు వేయడం మానేసి పరీక్ష కిట్టు కోసం మనల్ని వేధిస్తారు. పిల్లలు మార్కు ఉన్న చోటికే నడుస్తారు. వాళ్ళను తప్పు దారిలో నడిపిస్తున్నది మన పట్టికే.

ఇక నా పట్టిక సంగతి. ఆ ఏడాది సంక్రాంతి సెలవుల్లో కూర్చుని దాన్ని చింపి మళ్ళీ రాశాను. ఎలా రాశానో దాచకుండా చెబుతాను, ఎందుకంటే మొదటిసారి తప్పే రాశాను.

ముందు పాఠం ముగిసేసరికి పిల్లవాడు ఏం చేయగలగాలో మూడు వాక్యాల్లో రాసుకున్నాను. క్రియ లేని వాక్యాన్ని ఒప్పుకోలేదు. ‘వలసల పట్ల అవగాహన’ అంటే అది ఎవరికీ కనబడదు, కొలవలేం. ఒకటి: ఒక ఇంటివాళ్ళ రాకపోకలు చూసి అది సీజను వలసా శాశ్వత వలసా అన్నది కారణంతో చెప్పగలగాలి. రెండు: ఎందుకు పోతున్నారో తాను తెచ్చిన సమాచారంతో చూపగలగాలి. మూడు: జనాభా లెక్కల్లో ఎలాంటి వలసదారులు తప్పిపోతారో, ఎందుకో వివరించగలగాలి. వరుసలు ఈ మూడింటి నుంచే పుట్టాలి. వీటిలో దేనికీ చెందని వరుస ఎంత ముచ్చటగా ఉన్నా తీసేయాలి. సకాలంలో సమర్పించడం మంచి అలవాటే, హాజరు పుస్తకంలోనో డైరీలోనో రాసుకోవచ్చు. అది వలసల పాఠం కాదు.

ఆ తప్పు ఇక్కడే చేశాను. మొదటి వరుసకు పూర్తి మార్కు ఎప్పుడంటే ‘ఆరు నెలల లోపు వలసను సీజను వలసగా సరిగ్గా గుర్తించారు’ అని రాశాను. పుస్తకం ప్రకారం రాశాననే ధీమా. 2007-08లో జాతీయ నమూనా సర్వేవాళ్ళు స్వల్పకాలిక వలసను అలాగే నిర్వచించారు: గడిచిన ఏడాదిలో పని కోసం ఒక నెల పైన, ఆరు నెలల లోపు ఊరు విడిచి ఉన్నవాళ్ళు. ఇది కాగితాల జట్టులోని ఒక పిల్లవాడికి చూపించాను. వాడు వేళ్ళు మడిచాడు. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే, జూన్. ‘ఎనిమిది నెలలు సార్. మా అమ్మనాయన సీజను వలస కాదా? మరి ప్రతి వానాకాలం వస్తరు గద?’

పాలమూరు కూలీ గుంపుతో కలిసి పోయే పని ఏడెనిమిది నెలలు నడుస్తుంది. తిరిగి వచ్చేది విత్తే కాలానికి. ఆ నిర్వచనంలో వాళ్ళు ఇమడరు. నా వాక్యం అలాగే ఉండి ఉంటే నిజం రాసిన పిల్లవాడికి మార్కు పోయేది, పుస్తకంలోని మాట చూసి రాసినవాడికి వచ్చేది. కాబట్టి మార్చాను: ‘ఏ నెల పోయారు, ఏ నెల వచ్చారు, మళ్ళీ పోతారా అన్నది రాసి, దాన్నిబట్టి రకం చెప్పారు.’ నెలల సంఖ్యకు మార్కు లేదు, నెలల నుంచి రకానికి వేసిన అడుగుకు మార్కు. పుస్తకం నిర్వచనానికి తమ ఊరు సరిపోలేదని రాసిన జట్టుకు మార్కు తగ్గదు. రూబ్రిక్‌లో జవాబును రాసి పెట్టకూడదు, జవాబు దాకా పోయే దారిని రాయాలి. పట్టికను పిల్లలకు ముందుగా చూపించబట్టే నాకు ఆ తేడా తెలిసింది.

ముందుగా చూపడం అంటే నోటీసు బోర్డుకు అంటించడం కాదు. మన రూబ్రిక్‌ల భాష పిల్లలకు సగం కూడా అర్థం కాదు, ఇది గట్టిగా చెప్పాలి. ‘విశ్లేషణాత్మక దృక్పథం’, ‘సమాచార నైపుణ్యాలు’, ‘సమగ్ర అవగాహన’. ఇవి శిక్షణ తరగతుల్లో మనం రాసుకునే మాటలు. తండా నుంచి వచ్చే పిల్లకు ఇంట్లో లంబాడి, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు. ఆమె చేతిలో మూడో తెలుగు పెట్టి ‘నీకు మార్కు దీని ప్రకారం పడుతుంది’ అనడం అన్యాయం. ఇంకా దారుణమైనవి స్థాయిల పేర్లు. చాలా బాగా, బాగా, కొంత, స్వల్పంగా. ‘చాలా బాగా విశ్లేషించారు’కీ ‘బాగా విశ్లేషించారు’కీ తేడా ఏమిటో రాసిన సారుకైనా తెలుసా? రెండు స్థాయిల మధ్య తేడా ఒక్క విశేషణంలో ఉందంటే అక్కడ తేడా లేనట్టే. ఆ ఖాళీని సారు ఇష్టం నింపుతుంది. పిల్లలకు అది బాగా తెలుసు, మనకే తెలియనట్టు నటిస్తాం.

మేం చేసింది ఇది. ఒక పీరియడ్ కేటాయించాను. మూడు వరుసలను బోర్డు మీద రాసి, ‘ఇది మీ తమ్ముడికి చెప్పాలంటే ఎలా చెబుతారు?’ అని అడిగాను. జట్లుగా రాసి తెచ్చిన వాక్యాల్లోంచి ఏరి కలిపాం. చివరికి గోడ మీదికి ఎక్కింది పిల్లల మాటే. మొదటి వరుస ఇలా తయారైంది: ‘ఒక్కో ఇంటి నుంచి ఎవరు, ఎక్కడికి, ఏ నెలల పోయి ఏ నెలల వస్తరో రాసినం, అది ఏ రకం వలసనో చెప్పినం. తాళం ఉన్న ఇల్లు గూడ రాసినం, దాని సంగతి ఎవరిని అడిగినమో రాసినం.’ ఇలా ఉంటే ఒక మార్కు. ‘ఎక్కడికి పోయిన్రో రాసినం గని నెలలు లేవు, లేకపోతే తాళాలున్న ఇండ్లు వదిలిపెట్టినం’ అంటే అర మార్కు. ఇళ్ళకు పోకుండా కూర్చున్న చోటే రాస్తే సున్నా.

రెండో వరుస: ‘మేం చెప్పిన ఒక్కో కారణం పక్కన అది ఎన్ని ఇండ్లల్ల విన్నమో అంకె ఉంది.’ ఒక మార్కు. ‘కారణాలున్నై గని పుస్తకంల ఉన్నవే’ అంటే అర. ఈ ఒక్క అంకె అడగడం వల్ల ఎంత మార్పు వచ్చిందో చూడండి. అంతకు ముందు ప్రతి ప్రాజెక్టులోనూ వలసకు కారణం కరువు, నిరక్షరాస్యత అనే రెండు మాటలే. ఇళ్ళలో అడిగి అంకె వేయమనేసరికి పిల్లలు తెచ్చినవి వేరు: బోరు వేసి నీళ్ళు పడక మిగిలిన అప్పు, బిడ్డ పెళ్ళి, ఆసుపత్రి ఖర్చు, ముందే తీసుకున్న అడ్వాన్సు తీరక మళ్ళీ పోవడం. ‘కరువు’ అన్న మాట కింద ఇవన్నీ ఇన్నాళ్ళూ దాగి ఉన్నాయి. కాలువ నీళ్ళొచ్చి పోవడం మానేసిన ఇళ్ళు కూడా ఒకటి రెండు తేలాయి. అవి ఏ గైడులోనూ లేవు.

మూడో వరుస: ‘లెక్కలోళ్ళు ఫిబ్రవరిల వస్తే మా పట్టికల ఎవరెవరు ఊళ్ళె దొరకరో గుర్తు పెట్టినం, ఎందుకు దొరకరో చెప్పినం.’ 2011లో గణన జరిగింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. సరిగ్గా కూలి గుంపులు బయట ఉండే కాలం. వచ్చే గణనకు పెట్టుకున్న గీటు కూడా 2027 మార్చి 1. పిల్లలు తమ పట్టికలోని ఒక్కో ఇంటి ఎదురుగా ఆ నెలలు పోల్చి చూసి గుర్తు పెట్టాలి, అంతే. పాఠంలో అర పేజీ వివరణ ఉన్న విషయం ఇక్కడ ఒక సున్నా చుట్టడంతో చేతికి వస్తుంది. ఇది రాసిన జట్టుకు మార్కు. పాఠంలోని పేరా ఎత్తి రాస్తే అర మార్కు.

మూడు వరుసలు, మూడు మార్కులు, ఒక్కోదానికి మూడే స్థాయిలు: ఒకటి, అర, సున్నా. ఇంతేనా అంటారు. ఇంతే. మన దగ్గర ప్రాజెక్టుకు ఉన్నదే అయిదు మార్కులు. ఆరు వరుసలకు నాలుగేసి స్థాయిలు పెట్టి ఇరవై నాలుగుకు కూడి, దాన్ని అయిదుకు కుదిస్తే ఏం మిగులుతుంది? పద్దెనిమిదీ ఇరవై ఒకటీ దాదాపు ఒకే చోట పడతాయి. అంత శ్రమ ఎవరికీ ఉపయోగపడదు. పిల్లవాడు తన మార్కు ఎక్కడ పోయిందో వేలు పెట్టి చూపగలిగినంత చిన్నదిగా పట్టిక ఉండాలి.

మిగిలిన రెండు మార్కులూ జట్టువి కాదు, ఒక్కొక్కరివి. ఇక్కడ నాతో చాలామంది ఉపాధ్యాయ మిత్రులు గొడవ పడ్డారు, పడనివ్వండి. అయిదుగురు పిల్లల జట్టుకు ఒకే మార్కు వేయడం మన బడుల్లో ఉన్న అన్యాయాల్లో అతి పెద్దది. పనంతా ఒకరిద్దరు చేస్తారు, మార్కు అందరికీ సమానం. దాన్ని సరిదిద్దడానికని ‘జట్టు సహకారం’ అనే వరుస పెట్టాం, అది ఇంకా అన్యాయం చేసింది. నా తరగతిలో తండా నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. తరగతిలో నోరు విప్పదు. పాత పట్టికలో ఆమెకు సహకారం కింద ‘మెరుగుపడాలి’ అని రాశాను. తర్వాత తెలిసింది, తండాలో పదిహేను ఇళ్ళలో లంబాడిలో మాట్లాడి, అక్కడికక్కడే తెలుగులోకి మార్చి జట్టుకు చెప్పింది ఆమే. ఆమె లేకపోతే ఆ పదిహేను వరుసలు లేవు. నేను కొలిచింది సహకారాన్ని కాదు, గదిలో ఎవరి గొంతు పెద్దదో దాన్ని.

ఇప్పుడు సహకారానికి వరుస లేదు. పట్టికలోనే ఒక గడి ఉంటుంది: ఈ ఇల్లు అడిగింది ఎవరు. పిల్లలు పొడి అక్షరాలు రాస్తారు. ఎవరు ఏం చేశారో అది చూస్తే చాలు. వ్యక్తిగత రెండు మార్కులకు రెండు ప్రశ్నలు. చీటీ తీసి ఒక ఇంటి సంఖ్య వస్తుంది, తమ జట్టు పట్టికలో ఆ వరుస చదివి, ఈ ఇంటివాళ్ళది ఏ రకం వలస, ఎందుకు పోయారు, ఫిబ్రవరిలో దొరుకుతారా అన్నది చెప్పాలి. రెండోది ఇంకో జట్టు పట్టిక లోంచి ఒక వరుస, అదే ప్రశ్న. తన పట్టిక బట్టీ పట్టినా రెండోది రాదు, పాఠం వచ్చి ఉంటేనే వస్తుంది. ఆ అమ్మాయిని నా బల్ల దగ్గరికి పిలిచి మెల్లగా అడిగాను. రెండుకు రెండు.

ఒక జాగ్రత్త కూడా రాయాలి. ఎంత అడ్వాన్సు తీసుకున్నారన్న ప్రశ్న పిల్లలు అడగకూడదు, తీసుకున్నారా లేదా అన్నదే చాలు. పేర్లు వద్దు, ఇళ్ళకు సంఖ్యలే. చీటీలో ఎవరి సొంత ఇల్లు వాళ్ళకు వస్తే మార్చుకోవచ్చు. అమ్మానాన్నల అప్పు గురించి పదిమంది ముందు చదవమనే హక్కు నాకు లేదు, మార్కు కోసం అయితే అసలే లేదు.

పట్టిక పని చేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒకే ఒక్క పరీక్ష పెట్టుకున్నాను. పాత ప్రాజెక్టులు రెండు, పేర్లు కనబడకుండా కాగితం అంటించి, నేనూ పక్క బడి సోషల్ మేడమూ విడివిడిగా దిద్దాం. పాత రూబ్రిక్‌తో ఒకే ప్రాజెక్టుకు నేను ఈసారి నాలుగు వేస్తే ఆమె రెండున్నర వేసింది. ‘సృజనాత్మకత’ దగ్గరే ఎక్కువ తేడా. కొత్తదానితో అర మార్కు తేడా, అదీ రెండో వరుసలో ఒకే చోట. కూర్చుని చూస్తే వాక్యంలోనే తికమక ఉంది, ‘కారణాలు’ అన్నామే గాని ఎన్ని కావాలో చెప్పలేదు. ‘కనీసం మూడు’ అని చేర్చాం. తర్వాత ఆ రెండు ప్రాజెక్టులనే పిల్లలకిచ్చి దిద్దమన్నాను. రైలుకు మొదటి వరుసలో సున్నా వేశారు. రైలు చేసిన పిల్లలే వేశారు. ‘ఇండ్లకు పోలే సార్, నెట్ల చూసి రాసినం’ అని వాళ్ళే చెప్పారు. ఎవరూ తిట్టలేదు, నేనూ తిట్టలేదు. ఆ ఆదివారం వాళ్ళు ఇళ్ళకు పోయారు.

నాకు టైమెక్కడిదని అడిగే తోటివాళ్ళకు ఒక లెక్క చెబుతాను. పాఠం లక్ష్యాలు రాసుకోవడం ఒక సాయంత్రం. పిల్లల మాటల్లోకి మార్చడం ఒక పీరియడ్. దిద్ది చూడడం ఇంకో పీరియడ్. చీటీల ప్రశ్నలకు నలభై మంది ఉన్న తరగతిలో రెండు పీరియడ్లు పోతాయి, దీన్ని కాదనను, అదే ఈ పద్ధతి బరువు. అందుకే నాలుగు ఫార్మేటివ్‌లలో ఒక్కదానికే జట్టు ప్రాజెక్టు ఇలా చేస్తున్నాను, మిగిలినవి చిన్న వ్యక్తిగత పనులు. నాలుగు థర్మాకోల్ ప్రాజెక్టులు దిద్దే సమయం నాకు ఎప్పుడూ దొరికింది కదా, దీనికెందుకు దొరకదు?

నా మీద ఇంకో ఫిర్యాదు: పరిశీలనకు వచ్చినవాళ్ళకు చూపించడానికి గోడ మీద ఏమీ లేదు, కుట్టిన కాగితాలు తప్ప. అవును, లేదు. వచ్చినవాళ్ళకు ఆ కాగితాలే ఇస్తాను. చీటీ తీసి ఏ పిల్లవాడినైనా అడగమంటాను. ఆకర్షణ అన్న వరుసను నా బడిలో మళ్ళీ ఎవరైనా చేర్పించాలంటే ముందు ఒకటి చూపించాలి: ‘ప్రజలు - వలసలు’ పాఠంలో ఏ వాక్యం దాన్ని నేర్పిందో.

కాగితాల జట్టు మార్కును ఆ ఏడాదే సరిదిద్దాను. రిజిస్టరులో మూడు కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, అయిదు రాశాను. ఆ పిల్లవాడికి చూపించాను. వాడు మార్కు వంక ఎక్కువసేపు చూడలేదు. తమ పట్టిక తీసి పదకొండు తాళాల్లో ఒకదాన్ని కొట్టేశాడు.

‘ఏడో నంబరు ఇల్లు సార్. నిన్ననే వచ్చిన్రు. ముసలాయనకు బాగలేదంట, నడుమనే వచ్చిన్రు. ఇది ఏ రకం రాయాలె?’